మెస్‌లో తినని పూటల లెక్క

ప్రశ్న: ఒక కథ రాస్తున్నాను. పల్లెటూరి నుంచి వచ్చి యూనివర్సిటీ హాస్టల్లో చేరిన కుర్రాడు. తిన్న ప్రతి పూటా ఒక పుస్తకంలో ఎవరికీ తెలియకుండా రాసుకుంటుంటాడు. డబ్బు మిగుల్తుందని కొన్ని పూటలు మానేస్తాడు. నెలాఖరుకి బిల్లు చూస్తే తను లెక్కేసుకున్నదానికంటే చాలా ఎక్కువ వస్తుంది. చివర్లో వార్డెన్ ఆ పుస్తకం చూసి, మనసు కరిగి బిల్లు మాఫీ చేస్తాడు. నేనెప్పుడూ హాస్టల్లో ఉండలేదు. ఇది నమ్మేలా ఉందా? మెస్ లెక్కలు తెలిసినవాళ్లు చెప్పగలరా?

జవాబు:

చదువుకునే రోజుల్లో మెస్ సెక్రటరీగా చేశాను, తర్వాత చాలా ఏళ్లు హాస్టల్ ఆఫీసులో ఈ బిల్లులే వేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. కుర్రాడు నమ్మేలా ఉన్నాడు. బిల్లు ఎక్కువ రావడమూ నిజమే. వార్డెన్ మాఫీ మాత్రం జరిగే పని కాదు. ఎందుకు కాదో తెలియాలంటే బిల్లు ఎలా పుడుతుందో ముందు చూడాలి. మీ కథ అసలు మలుపు కూడా అక్కడే ఉంది.

మీ కుర్రాడు తినేది క్యాంటీన్లోనా, మెస్‌లోనా అన్నది మొదట తేల్చుకోండి. క్యాంటీన్లో దోసె తింటే దోసె డబ్బులిస్తాం, తినకపోతే ఇవ్వం. అక్కడ పూట మానేస్తే ఆ డబ్బు జేబులోనే ఉంటుంది, ఇక కథే లేదు. యూనివర్సిటీ హాస్టళ్లలో ఎక్కువచోట్ల ఉండేది మెస్, అందులోనూ డివైడింగ్ సిస్టం. నెలంతా అయిన ఖర్చును నెల చివర అందరి మీదా పంచుతారు. ఆ పంపకం ప్లేట్లను బట్టి జరగదు, రోజులను బట్టి జరుగుతుంది. కుర్రాడికి ఆ సంగతి తెలియదు. వాడు లెక్కపెట్టేది ప్లేట్లను.

ఎందుకు తెలియదో కూడా కథలో ఉండాలి, లేకపోతే పాఠకుడికి వాడు అమాయకుడిగా కనిపిస్తాడు. నాకు తెలిసిన నేల మీద ఒక రూపం చెబుతాను, నచ్చితే వాడుకోండి. కుర్రాడిది ఆదోని పక్క ఒక ఊరు. పేరు ఈరన్న. సర్టిఫికెట్లలో మాత్రం వీరేశ్. ఇంట్లో అమ్మ ఒక్కతే సంపాదన. చలికాలంలో పత్తి తీతకు పోతుంది, ఎండాకాలంలో ఉపాధి హామీ పనికి. కాలం 2023 నవంబర్ అనుకుందాం.

పత్తి తీత కూలి కిలోల మీద ఉంటుంది. సాయంత్రం చేను గట్టున తూకం వేస్తారు. ఎవరు ఎన్ని కిలోలు తీశారో రైతు తన పుస్తకంలో రాసుకుంటాడు, వారానికోసారి లెక్క చూసి డబ్బులిస్తాడు. అమ్మకు చదువు రాదు. అందుకని ఈరన్న మూడో తరగతి నుంచీ తన నోటుపుస్తకం వెనక పేజీలో అమ్మ కిలోలు రాస్తూ వచ్చాడు. రైతు పుస్తకం ఒకటి, మన పుస్తకం ఒకటి. రెండూ కలిస్తే సరే. కలవకపోతే అమ్మ నోరు విప్పుతుంది. పిసినారితనం వల్లనో అనుమానం వల్లనో కాదు, ఈ అలవాటుతోనే వాడు మెస్‌లోనూ రెండో పుస్తకం తెరుస్తాడు. రహస్యంగా ఎందుకంటే రూమ్మేట్లు చూస్తే నవ్వుతారు, మెస్ మేనేజర్ చూస్తే తనను దొంగ అంటున్నాడనుకుంటాడు. ఫిజిక్స్ అబ్జర్వేషన్ బుక్ చివర రీడింగుల పట్టికలా గీసుకుంటే సరిపోతుంది. తేదీ, పక్కన మూడు గడులు: టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి. ఎవరైనా తిరగేసినా ఏదో ప్రయోగం అనుకుంటారు.

పూటలు మానేయాల్సిన అవసరం ఎక్కడ పుట్టిందో కూడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో మొదలైన జగనన్న వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువుల వాళ్లకు ఏడాదికి 20,000 రూపాయలు, రెండు విడతలుగా, తల్లి ఖాతాలో వేసేవారు. చదువు సాగేది ఇంచుమించు పది నెలలు. అంటే నెలకు 2,000. మెస్ బిల్లు 3,000 వస్తే నెలనెలా వెయ్యి తక్కువ. 2023-24లో ఆంధ్రలో ఉపాధి కూలి గరిష్ఠంగా రోజుకు 272 రూపాయలు. ఆ వెయ్యికి అమ్మ దాదాపు నాలుగు రోజులు మట్టి మోయాలి. ఈ భాగహారం ఈరన్న నోటితో చేసేస్తాడు. మీరు కథలో దాని మీద కన్నీళ్లు పెట్టించక్కర్లేదు, అంకె చాలు.

ఇప్పుడు బిల్లు. హాస్టల్లో 120 మంది. లెక్క తేలిగ్గా తేలడానికి అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను, పద్ధతి మాత్రం నిజంగా జరిగేదే. నవంబర్ ఒకటో తారీఖున స్టోర్ రూములో మిగిలి ఉన్న బియ్యం, పప్పు, నూనె విలువ 46,000. దాన్ని ఓపెనింగ్ స్టాక్ అంటారు. నెలలో కొన్నవి, కూరగాయలూ పాలూ చికెనూ అన్నీ కలిపి, 2,54,000. నెలాఖరున స్టోర్‌లో మిగిలింది, అంటే క్లోజింగ్ స్టాక్, 38,000. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే నెలలో నిజంగా వండింది 2,62,000. గెస్టులు టోకెన్లు కొని తిన్న డబ్బు 4,000 అందులోంచి పోతుంది. వంటవాళ్ల జీతాలు, గ్యాసు కలిపి 66,000 చేరుతుంది. మొత్తం 3,24,000.

దీన్ని 120తో భాగించరు. 120 మందికి 30 రోజులు, మొత్తం 3,600 మెస్ రోజులు. దీపావళికి ఊళ్లకు పోయినవాళ్లు ముందే సెలవు చీటీ ఇస్తే వాళ్లకు ఆ రోజులు తీసేస్తారు. దీన్ని రిడక్షన్ అంటారు, కొన్నిచోట్ల మెస్ కట్ అంటారు. ఆ నెలలో అలా తీసేసినవి 360 రోజులు అనుకోండి. మిగిలినవి 3,240. ఖర్చును దీంతో భాగిస్తే రోజుకు సరిగ్గా 100 రూపాయలు. నెలంతా ఉన్నవాడికి 3,000. రిజిస్టర్‌లో వాడు ఎన్ని రోజులు హాస్టల్లో ఉన్నాడన్నది ఉంటుంది కానీ ఎన్ని ముద్దలు తిన్నాడన్నది ఉండదు. రాత్రి చపాతీ ఒక్కటి తిన్నవాడూ ఎనిమిది తిన్నవాడూ ఇక్కడ ఒకటే.

ఈరన్న పుస్తకం చూద్దాం. నవంబర్‌లో 90 పూటలు. పండక్కి నాలుగు రోజులు ఊరెళ్లాడు, అవి 12 పూటలు. ఇక్కడ ఉండీ తిననివి 26. తిన్నవి 52. రోజుకు వంద అయితే పూటకు 33 రూపాయల చిల్లర. 52 పూటలకు 1,733. వాడి పుస్తకం ప్రకారం కట్టాల్సింది అదే. పెద్ద సంబరం, వసతి దీవెన వాటాలోనే సరిపోయింది, ఇంకా మిగులు కూడా ఉంది. నోటీసు బోర్డు మీద చూస్తే 3,000. తేడా 1,267 రూపాయలు. చేను గట్టున రైతు పుస్తకానికీ మన పుస్తకానికీ ఇంత తేడా వస్తే అది మోసమే. వాడూ అలాగే అనుకుంటాడు. ఇక్కడి వరకు మీ కథ సరిగ్గానే ఉంది.

దీని తర్వాత వాడు వెళ్లాల్సింది వార్డెన్ దగ్గరికి కాదు, మెస్ మేనేజర్ దగ్గరికి. మేనేజర్‌ను దుర్మార్గుడిగా చూపించకండి. చాలా కథల్లో మెస్ మేనేజర్ అంటే పొట్ట ఉన్న దొంగే. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది కిరాణా కొట్టువాడికీ విద్యార్థులకూ మధ్య నలిగిన గుమాస్తాలు. అతను విసుగ్గానే అయినా రిజిస్టర్ తెరిచి చూపిస్తాడు: "నువ్వు తినలేదు సరే. నీ కోసం వండిందైతే వండిందే కదయ్యా."

ఆ ఒక్క మాట వెనక ఉన్న లెక్క చాలామంది విద్యార్థులు చదువు పూర్తయి వెళ్లిపోయేదాకా వేసి చూసుకోరు. మీరు వేసి చూడండి. ఒక పూటకు సరుకు ఖర్చు సుమారు 25 రూపాయలు. ఈరన్న మానేసిన 26 పూటలకు వంటమాస్టర్ నిజంగానే అంత తక్కువ వండాడనుకుందాం. అప్పుడు హాస్టల్‌కు మిగిలింది 650 రూపాయలు. ఆ మిగులు ఎవరిది? 3,240 మెస్ రోజులది. రోజు రేటు 20 పైసలు తగ్గుతుంది. ఈరన్నవి 30 రోజులు కనుక వాడి వాటాకు వచ్చేది 6 రూపాయలు. మిగతా 644 రూపాయలు రోజూ కడుపు నిండా తిన్న 119 మందికి పోయింది. ఇదీ వంటమాస్టర్ తగ్గించి వండితేనే. 120 మందికి ఎసరు పెట్టే మనిషి ఒక్కడు రాడని గుప్పెడు బియ్యం వెనక్కి తీయడు. వాడికి ఎవడు రాడో ముందు తెలియదు కూడా. అన్నం మిగిలి డ్రమ్ములోకి పోతుంది, ఆ 6 రూపాయలూ రావు.

ఈ విషయాన్ని ఈరన్నకు ఎవరు చెప్పాలన్నది కథకుడిగా మీ ముందున్న అసలు ప్రశ్న అని నా ఉద్దేశం. మేనేజర్ చెబితే పాఠంలా ఉంటుంది. సీనియర్ చెబితే ఎగతాళి అవుతుంది. నేనైతే అమ్మతో చెప్పిస్తాను. ఆమెకు తెలుసు. ఎలా తెలుసంటే, ఉపాధి పనిలో కూలి పత్తి తీతలా సొంత లెక్క కాదు. గుంపంతా కలిసి తవ్విన గుంతను కొలుస్తారు. ఆ కొలతకు వచ్చిన డబ్బును గుంపులో ఎవరు ఎన్ని రోజులు వచ్చారో చూసి పంచుతారు. గట్టిగా పనిచేసే మనిషికి ఇందులో ఎప్పుడూ కొంత నష్టమే. ఫోన్‌లో సంభాషణ ఇలా ఉండొచ్చు:

"మా, మెస్సోళ్లు నన్ను మోసం జేసినారు. నేను తినని పూటలకు గూడ లెక్కేసినారు."

"తినని పూటలేందిరా? ఏంటికి తినకుండా ఉన్న్యావు?"

వాడు మాట్లాడడు. ఆమె మళ్లీ అడుగుతుంది. వాడు బిల్లు ఎట్లా పంచుతారో మేనేజర్ చెప్పినట్టే చెబుతాడు, ఇదంతా అన్యాయమని.

"అది ఉపాధి లెక్క గదరా. నువ్వు పత్తి లెక్క ఏసుకుంటివి. మొన్న ఎండల్లో నేను దినానికి పది తట్టలు ఎక్కువ మోస్తి. నాకేమన్నా ఎక్కువ ఏసినారా? గుంపుకంతా కొలిచి పంచినారు. నేను మోసిన మట్టికి వాళ్లకు గూడ కూలి పడె. నువ్వు తినకుంటే అంతే, వాళ్లు తినేదానికి నువ్వు కట్టేది. పోయి కడుపు నిండా తిను పో."

ఈ సంభాషణలో ఓదార్పు మాటలు ఒక్కటీ పెట్టకండి. అమ్మ ఓదార్చడం లేదు, లెక్క సరిచేస్తోంది. కొడుకు ఇన్నేళ్లూ తన కోసం రాసిన పుస్తకంలోని లెక్కను చదువు రాని ఆమె దిద్దుతోంది. కథకు ఇంతకంటే బలమైన చోటు నాకు కనిపించడం లేదు.

అమ్మ మాటతో కథ ఆపేయొచ్చు కానీ ఒక ముడి మిగిలిపోతుంది. తేడా 1,267లో తినని 26 పూటలవి 867. ఆ డబ్బు పోయినట్టే. మిగిలిన 400 ఏమిటి? పండక్కి ఊరెళ్లిన నాలుగు రోజులవి. అవి వాడికి న్యాయంగా రావాల్సినవి. రిజిస్టర్‌లో వాడి పేరు పక్కన నాలుగు రోజుల రిడక్షన్ పడి ఉంటే బిల్లు 2,600 అయ్యేది. పడలేదు. కారణం మామూలుదే. చాలా హాస్టళ్లలో వరసగా మూడు రోజులైనా లేకపోతేనే రిడక్షన్ ఇస్తారు, అదీ బయల్దేరేముందు రోజే చీటీ ఇచ్చి మేనేజర్ సంతకం తీసుకుంటేనే. వెళ్లే రోజు పొద్దున టిఫిన్ తింటే ఆ రోజంతా తిన్నట్టే. ఈరన్న చీటీ ఇచ్చాడు కానీ ఎవరి చేతికి? మేనేజర్ సీట్లో లేడని సప్లై చేసే కుర్రాడికిచ్చి బస్సెక్కాడు. వాడు స్టోర్ బల్ల మీద పెట్టాడు. అక్కడినుంచి అది ఏ పొట్లం కిందికో పోయింది.

ఇప్పుడు వాడి రహస్య పుస్తకం బయటికి రావాల్సిన సమయం వచ్చింది. వాడు తీసి చూపిస్తాడు. 10, 11, 12, 13 తేదీల పక్కన పన్నెండు గడులూ ఖాళీ. కానీ ఆ పేజీలో అట్లాంటి ఖాళీ గడులు ఇంకా 26 ఉన్నాయి. ఊళ్లో ఉండి తిననిదీ ఇక్కడ ఉండి తిననిదీ వాడి పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. మేనేజర్ అడుగుతాడు: "ఇవీ ఖాళీయే, అవీ ఖాళీయే. నువ్వు ఊరెళ్లావని ఇందులో ఎక్కడుంది?" ఎవరికీ తెలియకుండా రాసుకున్న పుస్తకానికి ఎదుటివాడి సంతకం ఉండదు. చేను గట్టున లెక్క చెల్లడానికి కారణం ఈరన్న రాయడం ఒక్కటే కాదు, తూకం వేసేటప్పుడు రైతూ అమ్మా ఇద్దరూ అక్కడే నిలబడి ఉండటం. అమ్మకు ఇదీ కొత్త కాదు. 2023 జనవరి నుంచి ఉపాధి పనిలో హాజరంతా మేట్ ఫోన్‌లోని యాప్‌లో ఫోటోలతోనే. ఫోటోలో పడకపోతే రోజంతా తవ్వినా రానట్టే.

మేనేజర్ ఎందుకంత పట్టుబడతాడో కూడా తెలుసుకోండి. ఈరన్నకు నాలుగు రోజులు తీసేస్తే భాగించే రోజులు 3,236 అవుతాయి, రోజు రేటు 12 పైసలు పెరుగుతుంది. ఒక్కడికైతే ఫరవాలేదు. నోటిమాట మీద నలభై మందికి ఇస్తే రేటు ఐదు రూపాయలు దాటుతుంది, అప్పుడు మిగతావాళ్లు మేనేజర్ కాలర్ పట్టుకుంటారు. అందుకే చీటీ. బస్ టికెట్ దాచుకుని తెస్తే ఒప్పుకున్న మేనేజర్లనూ చూశాను, ఒప్పుకోనివాళ్లనూ చూశాను. కథలో ఏదైనా చేయండి. నాకైతే సగం దారి నచ్చుతుంది: ఆ నెల బిల్లు మారదు, వచ్చే నెల బిల్లులో నాలుగు రోజులు తీసేస్తానని మేనేజర్ రిజిస్టర్‌లో పెన్సిల్‌తో రాసుకుంటాడు. హాస్టళ్లలో న్యాయం సాధారణంగా పెన్సిల్‌తోనే జరుగుతుంది.

పట్టిక గురించి ఇంకో మాట. 26 తినని పూటలను నెలంతా సమంగా చల్లకండి. ఆకలికి ఒక క్రమం ఉంటుంది. ఆదోని పక్క పిల్లలు ఊరినుంచి వస్తూ కడక్ జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి డబ్బాలో తెచ్చుకుంటారు, అవి రోజుల తరబడి చెడిపోవు. కనుక ఊరినుంచి వచ్చిన మొదటి వారం రాత్రి గడులు వరసగా ఖాళీగా ఉంటాయి. డబ్బా అడుగంటాక మళ్లీ నిండటం మొదలవుతుంది. బుధవారం గుడ్డు, ఆదివారం చికెన్ ఉంటే ఆ రెండు రోజులు ఎంత పొదుపు మనిషైనా మానడు. పొద్దున టిఫిన్ మానేసి మధ్యాహ్నం రెండింతలు తినడం కూడా మామూలే, మెస్‌లో వడ్డించేవాళ్లు ఇలాంటి పిల్లలను రెండు వారాల్లో గుర్తుపట్టేస్తారు. ఎవరూ అడగరు, సాంబార్ గరిటె ఇంకోటి వేస్తారు. వాడు దేనికి ఆగాడో దేనికి ఆగలేదో ఆ గడులే చెబుతాయి, మీరు విడిగా వివరించనక్కర్లేదు.

ఇక వార్డెన్. మాఫీ చేయడానికి వార్డెన్ దగ్గర డబ్బు లేదు. డివైడింగ్ సిస్టంలో మెస్‌కు లాభమూ ఉండదు, నిధీ ఉండదు. వచ్చిన డబ్బు వచ్చినట్టు కిరాణా కొట్టుకూ పాలవాడికీ గ్యాసుకూ పోతుంది. ఈరన్న 3,000 మాఫీ చేస్తే అది 119 మంది మీద పడాలి, తలా 25 రూపాయలు. వాళ్లలో ఇంకో ముప్పై మంది ఈరన్నలు ఉంటారు. మీ వార్డెన్ మంచివాడు కావచ్చు, కానీ ఆ మంచితనానికి ఖర్చు పెట్టేది పక్క రూమువాడు. అది తెలిసిన వార్డెన్ మాఫీ చేయడు. అతను చేయగలిగిందల్లా గడువు ఇవ్వడం. పథకం విడత తల్లి ఖాతాలో పడేదాకా బాకీని డ్యూస్‌లో చూపించి ఫైన్ వేయకుండా ఆపగలడు, బాకీ ఉన్నా హాల్ టికెట్ ఆపొద్దని ఒక హామీ పత్రం రాయించుకుని సంతకం పెట్టగలడు. సంతకం మామూలుగా ఎర్ర సిరాలో ఉంటుంది, నాలుగు లైన్లకు మించదు.

రేటు తగ్గించే దారి ఇంకోటి ఉంది, అది కడుపు మాడ్చుకోవడంలో లేదు, కొనుగోళ్లలో ఉంది. కూరగాయలు హాస్టల్ గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చేవాడి దగ్గర కాకుండా తెల్లవారుజామున రైతు బజారుకో టోకు మార్కెట్‌కో వెళ్లి కొంటే రోజుకు 300 తగ్గిందనుకుందాం. నెలకు 9,000. 3,240 రోజుల మీద పంచితే ఒక్కొక్కరికి నెలకు 83 రూపాయలు. 26 పూటలు పస్తున్న ఈరన్నకు వచ్చింది, వస్తే గిస్తే, 6. అందుకే చాలా హాస్టళ్లలో నెలకో ఇద్దరు విద్యార్థులను కొనుగోలుకు వంతులవారీగా పంపుతారు. ఎవరూ పోవడానికి ఇష్టపడరు, పొద్దున నాలుగున్నరకు లేవాలి, టమాటా బుట్టలో అడుగున కుళ్లినవి పెట్టారేమో చేయి పెట్టి చూడాలి, తూకం మీద కన్ను వేసి ఉండాలి. చేను గట్టున తూకాలు రాసి పెరిగినవాడికి ఈ పని కొట్టినపిండి. డిసెంబర్ వంతుకు ఈరన్న తన పేరు తనే ఇచ్చుకున్నాడని రాస్తే ఎవరూ అది అతికించిన ముగింపు అనుకోరు. అబ్జర్వేషన్ బుక్‌లో కొత్త పేజీ తిప్పి, మూడు గడుల బదులు సరుకు, కిలోలు, రేటు అని గీసుకుంటాడు. ఈసారి నాలుగో గడి కూడా ఉంటుంది, మేనేజర్ సంతకానికి.